హోటల్ పైకప్పుపై సోలార్ కోసం రుణ దరఖాస్తు

బెంగళూరు,
6-2-2026

బ్రాంచ్ మేనేజర్ గారికి,
వైట్‌ఫీల్డ్ శాఖ.

విషయం: 20 కిలోవాట్ల రూఫ్‌టాప్ సోలార్‌కు 8,25,000 రూపాయల టర్మ్ లోన్.

అయ్యా, నమస్కారం.

వైట్‌ఫీల్డ్‌లో 18 గదుల లాడ్జి, కింద భోజన హోటల్ నడుపుతున్నాను. మా కరెంట్ ఖాతా మీ శాఖలోనే ఉంది. 2019లో ఇక్కడే తీసుకున్న కిచెన్ లోన్‌ను 2023లో పూర్తిగా తీర్చాను. ఇంగ్లీషు ఫారం జతచేశాను. మీరు తెలుగువారు కాబట్టి లెక్కంతా వివరంగా ఇలా రాస్తున్నాను.

మా గదుల్లో ఎక్కువగా దిగేది సత్యసాయి ఆసుపత్రికి అనంతపురం, కడప వైపు నుంచి వచ్చే పేషెంట్ల కుటుంబాలే. వాళ్ల దగ్గర అద్దె పెంచడానికి నాకు మనసొప్పదు. తగ్గించుకోగలిగింది కరెంటు ఖర్చే. నెలకు సగటున 3,800 యూనిట్లు కాలుతున్నాయి, బిల్లు 36,000 రూపాయల దాకా వస్తోంది.

ఒక కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల ఉత్పత్తి మామూలే అంటారు. వానాకాలం మబ్బులు చూసుకుని నేను ఇంకాస్త తగ్గించి, ఏడాదికి 27,000 యూనిట్లే లెక్కేశాను. మా బిల్లులో ఎనర్జీ చార్జీ, పన్ను కలిపి యూనిట్‌కు దాదాపు 8 రూపాయలు పడుతోంది. ఆ లెక్కన ఏడాదికి 2,16,000, నెలకు సగటున 18,000 రూపాయలు మిగులుతాయి. ఫిక్స్‌డ్ చార్జీలు తగ్గవు. కరెంటు పోయినప్పుడు ఈ సోలార్ కూడా ఆగిపోతుంది కాబట్టి జనరేటర్ డీజిల్‌ను ఆదాలో కలపలేదు. ఇళ్లకిచ్చే సూర్యఘర్ సబ్సిడీ మాలాంటి వ్యాపారాలకు రాదు, అందుకే దాన్నీ లెక్కలోకి తీసుకోలేదు.

కొటేషన్ 11,00,000 రూపాయలు. అందులో 2,75,000 నేను పెట్టుకుంటాను, డబ్బు ఖాతాలో సిద్ధంగా ఉంది. మిగతాది 10.5 శాతం వడ్డీకి ఆరేళ్ల గడువుతో ఇస్తే ఈఎంఐ సుమారు 15,500 అవుతుంది. జులై, ఆగస్టుల్లో ఆదా 14,400కు పడిపోవచ్చు. ఆ తక్కువను హోటల్ రాబడి నుంచి కడతాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు 21,000 దాటుతుందని అంచనా.

భవనం నా సొంతం. డాబా 2,600 చదరపు అడుగులు, ప్యానెళ్లకు సుమారు 2,000 చాలు. నీళ్ల ట్యాంకు నీడ పడే మూలను వదిలేశాం. మా మంజూరైన లోడ్ 25 కిలోవాట్లు కాబట్టి బెస్కామ్ నెట్ మీటరింగ్‌కు ఆ వైపు ఇబ్బంది ఉండదు. పగలు మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి వెళ్లి బిల్లులో సర్దుబాటవుతుంది. ప్యానెళ్లు, ఇన్వర్టర్ బ్యాంకుకు హైపాథికేట్ చేస్తాను. వీలైతే సీజీటీఎంఎస్‌ఈ గ్యారంటీ కింద పరిశీలించండి.

పన్నెండు నెలల కరెంటు బిల్లులు, కొటేషన్, ఉద్యం సర్టిఫికెట్, మూడేళ్ల ఐటీ రిటర్నులు, ఆస్తి పన్ను రసీదు జతచేశాను. మార్చిలోగా మంజూరైతే ఎండాకాలం ఉత్పత్తి కొంతైనా అందుతుంది. డాబా చూడటానికి మీ ఫీల్డ్ ఆఫీసర్ ఏ రోజు వచ్చినా నేను హోటల్‌లోనే ఉంటాను.

ఇట్లు,
కె. రమణయ్య
యజమాని, శ్రీనివాస లాడ్జి