పెళ్లికి ముందు నిన్నొక మాట అడగాలి

సింధూ,

ఈ మాట ఫోనులోనూ అడగవచ్చు. కానీ ఫోనులో అడిగితే నువ్వు అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. నేను నీ గొంతును బట్టి ఏదేదో ఊహించుకుంటాను. అందుకే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు, వెంటనే జవాబు ఇవ్వాలని లేదు.

నీ పరిశోధన, నా బదిలీలు, ఇల్లు ఎక్కడ తీసుకోవాలి, మా అమ్మ మోకాళ్ల నొప్పులు, మీ తమ్ముడి ఇంజనీరింగ్ సీటు, అన్నీ మాట్లాడుకున్నాం. పిల్లల గురించి మాత్రం ఒక్క మాటా అనుకోలేదు. రెండు ఇళ్లలోనూ అది ఎప్పుడో తేలిపోయిన సంగతిలాగే ఉంది. నిశ్చితార్థం రోజు మా మేనత్త అక్షింతలు వేస్తూ "వచ్చే ఏడాది ఈపాటికి ఒళ్లో బాబు ఉండాలి" అన్నప్పుడు అందరూ నవ్వారు. నువ్వు తల వంచుకున్నావు. అది సిగ్గో, ఇబ్బందో, అలసటో నాకు అర్థం కాలేదు. అత్తయ్యకు ఆ తేడా అక్కరలేకపోవచ్చు. నాకు కావాలి.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. నీకు పిల్లలను కనాలని ఉందా? ఉంటే, ఎప్పుడు?

నా మనసులో మాట దాచుకుని నీది మాత్రం చెప్పమనడం న్యాయం కాదు కనుక ముందు నాది చెబుతాను. నాకు పిల్లలంటే ఇష్టం. ఒక బిడ్డ ఉండాలని ఉంది. ఒక్కరైనా చాలు. ఆడపిల్లా మగపిల్లాడా అన్న లెక్క నాకు లేదు, వంశం, వారసుడు అనే మాటలు మా ఇంట్లో వినపడితే వాటికి సమాధానం చెప్పే పని నాది. తొందర కూడా లేదు. నాకు 32, నీకు 28. మూడు నాలుగేళ్లు ఆగినా నా ఆశ ఎక్కడికీ పోదు.

నువ్వు ఏం చెప్పినా నాకు ఒకటే అని రాస్తే నువ్వు సంతోషిస్తావేమో. కానీ అది నిజం కాదు. నీకు పిల్లలు అసలే వద్దనిపిస్తే నాకు బాధగా ఉంటుంది, ఆలోచించుకోవడానికి కొంత సమయం కావాలి. అయినా ఆ మాట ఇప్పుడే వినాలని ఉంది. పెళ్లయ్యాక మొహమాటానికి ఒప్పుకుని నువ్వు లోలోపల కుమిలిపోవడం నాకు అంతకంటే పెద్ద బాధ. వద్దు అన్నందుకు నీ మీద గౌరవం ఒక్క పిసరు తగ్గదు. ఆ మాట నీ అనుమతి లేకుండా మా ఇంటికి గానీ మీ ఇంటికి గానీ చేరదు.

ఎప్పుడు అన్నది నా కంటే నువ్వే చెప్పాలి. మోసేది, కనేది నువ్వు. నీ సిద్ధాంత వ్యాసం పూర్తి కావడానికి ఇంకా రెండేళ్లు పడుతుందన్నావు. యూజీసీ నిబంధనల్లో పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉందని చదివాను. కాగితం మీద అది బాగానే ఉంది. కానీ నువ్వు రోజంతా ద్రావకాల మధ్య పని చేస్తావు. గర్భంతో ఉన్నప్పుడు వాటికి దూరంగా ఉండాలంటే నీ ప్రయోగాలు కాన్పు కంటే ఎన్నో నెలల ముందే ఆగిపోతాయి. ఈ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అందుకే నా మాటగా చెబుతున్నాను, వ్యాసం సమర్పించేవరకు పిల్లల ఊసు వద్దని నువ్వంటే నాకు పూర్తిగా సమ్మతం. ముందే కనడం మేలని నీకు అనిపిస్తే అదీ మాట్లాడుకుందాం. 35 దాటాక గర్భం నిలవడం కష్టమవుతుందని డాక్టర్లు చెప్పే మాట నాకూ తెలుసు. దాన్ని నీ మీద ఒత్తిడిగా మాత్రం వాడను. మన దగ్గర ఇంకా వ్యవధి ఉంది.

ఇంకొకటి, నేను ముందే చెప్పి ఉండాల్సినంత ముఖ్యమైనది. మా పిన్ని మనవడికి థలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఆ పిల్లవాడి వ్యాధి బయటపడ్డాక మా ఇంట్లో చాలామందిమి పరీక్ష చేయించుకున్నాం. నాకు థలసీమియా మైనర్, అంటే వ్యాధి లేకుండా దాని జన్యు లక్షణం మాత్రమే ఉందని తేలింది. దానివల్ల నాకు ఏ జబ్బూ లేదు, మందులూ లేవు. నీకు ఆ లక్షణం లేకపోతే మన బిడ్డకు ఆ వ్యాధి రాదు, మహా అయితే నాలాగే మైనర్ కావచ్చు. ఇద్దరికీ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన థలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అప్పుడైనా దారులు మూసుకుపోవు, గర్భం తొలి నెలల్లోనే పరీక్ష చేసి తెలుసుకునే వీలుంది. కానీ ఆ నిర్ణయాలు తేలికైనవి కావు. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష నువ్వు కూడా చేయించుకుంటే మంచిది. నా రిపోర్టు ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. మీ నాన్నగారికి నేనే చెప్పమంటే నేనే వచ్చి చెబుతాను.

పిల్లలు కావాలనుకుని, కలగకపోతే? అలాంటప్పుడు మన దగ్గర వేళ్లన్నీ ఆడవాళ్ల వైపే చూపిస్తాయి. గుళ్లు తిప్పేది వాళ్లనే, మందులు మింగించేది వాళ్లకే. మన విషయంలో అలా జరగనివ్వను, మొదటి రోజే నేనూ పరీక్షకు వస్తాను. దత్తత తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. దంపతులు పెళ్లయి రెండేళ్లు కలిసి ఉండాలి, ఇద్దరూ ఒప్పుకోవాలి అన్న నియమాలు తెలుసుకున్నాను. నీ ఉద్దేశం ఏమిటో అది కూడా రాయి.

పెంచడం గురించి. మా బ్యాంకులో తండ్రికి ఇచ్చే సెలవు 15 రోజులే. ఆ తర్వాత నేను కరీంనగర్‌లో, నువ్వు బిడ్డతో హైదరాబాద్‌లో ఉండే సంసారం నాకు వద్దు. బిడ్డను కనాలని నిర్ణయించుకున్న నాడే హైదరాబాద్‌కు బదిలీ అడుగుతాను. అది ఆలస్యమైతే మన ప్రయత్నాన్నే వాయిదా వేద్దాం. మొదటి కాన్పు పుట్టింట్లో అనే పద్ధతి నీకు ఇష్టమైతే సరే. లేకపోతే మా అమ్మ వస్తానంటోంది, కానీ ఆ మోకాళ్లతో ఆమె మీద పసిబిడ్డను వదిలేయడం నాకు సబబుగా అనిపించదు. రాత్రి లేవడం, పాలసీసాలు, టీకాలకు తీసుకెళ్లడం, ఇవన్నీ నావి కూడా.

పెళ్లయిన రెండో నెల నుంచే "ఏమైనా విశేషమా?" అని అడిగేవాళ్లు మొదలవుతారు. మనిద్దరం ఒక మాట మీద ఉంటే ఆ ప్రశ్నకు నేను నవ్వుతూ జవాబు చెప్పగలను. పిల్లలు కావాలా వద్దా అనే సంగతే మనకు తేలకపోతే నవ్వలేను.

నీకే ఇంకా తెలియదు అనిపిస్తే "తెలియదు" అని రాయి. అది కూడా జవాబే. ఎందుకు తెలియదో, ఏది భయంగా ఉందో చెబితే అక్కడి నుంచి మాట్లాడుకోవచ్చు. చదువు ఆగిపోతుందని భయమా, కాన్పు అంటేనే భయమా, మీ అక్క పడిన కష్టం చూశావు కనుకనా, లేక నేను ఎలాంటి తండ్రిని అవుతానో అన్న అనుమానమా? ఏదైనా సరే, నొచ్చుకోను.

ఆదివారం హైదరాబాద్ వస్తున్నాను. అప్పటికి నువ్వు సిద్ధంగా ఉంటే ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకుందాం. లేకపోతే ఆ రోజు ఈ ప్రస్తావన తీసుకురాను, నీకు వీలైనప్పుడు రాసి పంపు. శుభలేఖలు అచ్చుకు ఇవ్వడానికి ఇంకా నెల ఉంది. ఆలోగా నీ మాట వింటే చాలు.

నీ
వంశీ