ఇంటి నుంచి పని: కంపెనీ విధానం

అమలు: 2025 ఏప్రిల్ 1 నుంచి
జారీ: మానవ వనరుల విభాగం, మాదాపూర్, హైదరాబాద్

1. ఉద్దేశం

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అందరం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్లకు వెళ్లాం. ఆ తర్వాత ఆఫీసు తెరిచినా, ఇంటి నుంచి పని మాత్రం ఒక్కో టీమ్‌లో ఒక్కో రకంగా నడుస్తూ వచ్చింది. ఒక మేనేజర్ అడగ్గానే సరేనంటారు, పక్క టీమ్‌లో అదే పని చేసేవారికి కుదరదంటారు. ఇది అన్యాయం. ఇకపై ఇంటి నుంచి పని మేనేజర్ దయ మీద ఆధారపడకూడదు. ఎవరికి ఇవ్వాలో, ఎందుకు ఇవ్వకూడదో రాతపూర్వకంగా ఉండాలి. ఈ విధానం తెచ్చింది అందుకే.

2. పరిధి

మాదాపూర్ ప్రధాన కార్యాలయంలోనూ విశాఖపట్నం శాఖలోనూ పనిచేసే పర్మినెంట్, కాంట్రాక్టు ఉద్యోగులందరికీ ఇది వర్తిస్తుంది. ట్రైనీలకు శిక్షణ పూర్తయ్యేదాకా వర్తించదు. కొత్తవాళ్లు సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకునే పని ఫోన్ కాల్‌లో సాగదు.

సొంతూరి నుంచి పనిచేయవచ్చు. వేరే రాష్ట్రంలో నెలకు మించి ఉండేటట్లయితే హెచ్‌ఆర్‌కు ముందే చెప్పాలి, ఎందుకంటే వృత్తి పన్ను నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. విదేశాల నుంచి పనిచేయాలంటే వీసా, పన్ను చిక్కులు ఉంటాయి కాబట్టి ముందస్తు అనుమతి తప్పనిసరి.

3. అర్హత

ప్రొబేషన్ పూర్తయినవారు వారానికి 2 రోజులు ఇంటి నుంచి పని కోరవచ్చు. ఏ రోజులనేది టీమ్‌లో మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. రిసెప్షన్, సర్వర్ రూమ్, ఫెసిలిటీస్, కస్టమర్ల అసలు పత్రాలను స్కాన్ చేసే విభాగం మాత్రం ఆఫీసులోనే పనిచేయాలి. ఈ విభాగాల వారికి ఈ సౌకర్యం ఉండదు కాబట్టి ఏడాదికి 4 రోజుల అదనపు సెలవు ఇస్తున్నాం.

ప్రసూతి సెలవు ముగించుకుని వచ్చేవారు, వైకల్యం ఉన్నవారు, ఇంట్లో తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని చూసుకునేవారు పూర్తికాలం ఇంటి నుంచి పని కోరవచ్చు. ప్రసూతి సెలవు తర్వాత, పని స్వభావం అనుమతిస్తే, యజమానితో మాట్లాడుకుని ఇంటి నుంచి పనిచేసే వీలును 2017 చట్ట సవరణే కల్పించింది. ఇంట్లో పసిపిల్లలున్నారన్న కారణంతో ఎవరి దరఖాస్తునూ తిరస్కరించకూడదు.

దరఖాస్తును హెచ్‌ఆర్ పోర్టల్‌లో పెట్టాలి. మేనేజర్ 5 పనిదినాల్లో జవాబివ్వాలి. కాదంటే కారణం రాయాలి. "టీమ్‌కు ఇబ్బంది" అన్న ఒక్క ముక్క చాలదు, ఏ పనికి ఏ ఇబ్బందో చెప్పాలి. ఆ కారణం సరికాదనిపిస్తే ఉద్యోగి హెచ్‌ఆర్ హెడ్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

4. బాధ్యతలు

ఉద్యోగి: ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు అందుబాటులో ఉండాలి. నైట్ షిఫ్ట్ వారికి షిఫ్ట్ వేళలే వర్తిస్తాయి. కరెంటు పోయినా, నెట్ ఆగినా టీమ్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. గంటకు మించి ఆగితే ఆఫీసుకు రావడమో, సెలవు పెట్టడమో మేనేజర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

డేటా విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. మన దగ్గరున్నవి కస్టమర్ల ఖాతాలు, జీతాల వివరాలు, ఆధార్ నంబర్లు. మనల్ని నమ్మి ఇచ్చినవి. అందుకని:

- వీపీఎన్ లేకుండా లాగిన్ కావద్దు. కేఫ్, రైల్వే స్టేషన్ వైఫై వాడవద్దు.
- ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఇంట్లో మరెవరికీ ఇవ్వవద్దు, పిల్లల ఆన్‌లైన్ క్లాసుకైనా సరే.
- స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీయవద్దు. ఫైళ్లను సొంత వాట్సాప్‌కు పంపుకోవద్దు.
- ల్యాప్‌టాప్ పోయినా, అనుమానాస్పద లింక్ నొక్కినా వెంటనే, అర్ధరాత్రయినా, ఐటీ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేయాలి.

చివరి నియమానికి కారణం ఉంది. డేటా లీక్ లాంటి సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఆదేశాలు చెబుతున్నాయి. మీరు భయపడి తెల్లారేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది. వెంటనే చెప్పినవారిపై, పొరపాటు వారిదే అయినా, క్రమశిక్షణ చర్య ఉండదు. దాచినవారిపై ఉంటుంది.

మేనేజర్: పనిని చేసిన పనితోనే కొలవాలి. చాట్‌లో పచ్చచుక్క ఎంతసేపు వెలిగిందన్నది లెక్కలోకి రాదు. స్క్రీన్‌షాట్లు తీసే నిఘా సాఫ్ట్‌వేర్‌ను ఈ కంపెనీలో వాడం. కస్టమర్ మీటింగుల్లో తప్ప కెమెరా ఆన్ చేయమని పట్టుబట్టకూడదు. ఒకే గదిలో నలుగురు సర్దుకునే ఇళ్లు మనలో చాలామందివి. రాత్రి 7 తర్వాత పంపిన మెయిల్‌కు మర్నాడు జవాబిస్తే ఆలస్యం కింద లెక్కించకూడదు. అప్రైజల్‌లో, ప్రమోషన్‌లో రోజూ కళ్లముందు కనిపించేవారికి ఒక మార్కు ఎక్కువ పడడం సహజంగా జరిగిపోతుంది. దాన్ని ఆపడానికి ప్రతి రేటింగ్ సమావేశంలో హెచ్‌ఆర్ ప్రతినిధి కూర్చుంటారు.

కంపెనీ: ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ ఇస్తుంది. ఇంటర్నెట్‌కు నెలకు 800 రూపాయలు జీతంతో పాటు చెల్లిస్తుంది. పూర్తికాలం ఇంటి నుంచి పనిచేసేవారికి కుర్చీ కోసం ఒక్కసారి 6,000 రూపాయలు ఇస్తుంది.

లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 వీడియో కాల్‌లోనూ, చాట్‌లోనూ వర్తిస్తుంది. ఫిర్యాదును అంతర్గత కమిటీకి ఇంటి నుంచే పంపవచ్చు, విచారణకూ ఆన్‌లైన్‌లో హాజరు కావచ్చు.

5. పాత ఏర్పాట్లు

ఇంతవరకు నోటిమాట మీద ఇంటి నుంచి పనిచేస్తున్నవారు 2025 జూన్ 30లోగా పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పటిదాకా పాత పద్ధతే సాగుతుంది. అనుమతిని రద్దు చేయాల్సి వస్తే 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేస్తాం.