శివరాత్రి జాగారానికి పచ్చీసు: మొదటిసారి ఆడేవాళ్ల కోసం

శివరాత్రి రోజు రాత్రి పదింటికి మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు పచ్చీసు పట్టాలు పరుస్తున్నాం. పేర్లు ఇచ్చినవాళ్లలో సగం మంది ఈ ఆట ఎప్పుడూ చూడలేదన్నారు. అందుకే ముందుగా ఇది రాసి పంపుతున్నాను. ఒకసారి చదువుకుని వస్తే ఆ రాత్రి నియమాలు అడుగుతూ కూర్చోవాల్సిన పని ఉండదు, ఆట మీదే మనసు పెట్టొచ్చు. నాకు ఈ ఆట మా అమ్మమ్మ నేర్పింది. ఆమె పట్టా లేకుండా అరుగు మీద ముగ్గుపిండితో గీసి ఆడించేది. గవ్వలు పాత బిస్కెట్ డబ్బాలో ఉండేవి. ఆ గవ్వలే ఆ రోజు తెస్తాను.

లూడో మీకందరికీ తెలుసు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. లూడో పుట్టింది పచ్చీసులోంచే. ఇంగ్లండ్‌లో 1896లో పేటెంట్ తీసుకుని, గవ్వలకు బదులు ఒక్క పాచిక పెట్టి, పిల్లలకు సులువుగా ఉండేలా మార్చారు. అమెరికాలో పచ్చీసునే కొంత మార్చి పార్చీసీ పేరుతో అమ్మారు. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ప్రాంగణంలో రాళ్లతో పరిచిన పెద్ద పచ్చీసు పట్టా ఇప్పటికీ చూడొచ్చు. పచ్చీస్ అంటే ఇరవై ఐదు. ఆ అంకె పేరే ఆటకు ఎందుకు పెట్టారో కాసేపట్లో చెబుతాను, ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే.

పట్టా కూడిక గుర్తులా ఉంటుంది. నాలుగు రెక్కలు, మధ్యలో ఒక పెద్ద గడి. ఒక్కో రెక్కలో మూడు వరుసలు, వరుసకు ఎనిమిది గడులు. అంటే రెక్కకు 24, మొత్తం 96 గడులు. కొన్ని గడుల్లో ఇంటూ గుర్తు ఉంటుంది. వాటిని మేం ఇళ్లు అంటాం. ప్రతి రెక్కలో మూడు ఇళ్లు: నడిమి వరుస చివరి గడి ఒకటి, పక్క వరుసల్లో చివరి నుంచి లెక్కపెడితే నాలుగో గడి చొప్పున రెండు. మొత్తం పన్నెండు. ఇంట్లో కూర్చున్న కాయను ఎవరూ చంపలేరు.

ఆడేది నలుగురు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు, ఒకరికొకరు జోడీ. ఒక్కొక్కరికి ఒకే రంగు కాయలు నాలుగు. ఈసారి ఏటికొప్పాక లక్క కాయలు తెప్పించాను, నునుపుగా ఉన్నాయి, చేతికి హాయిగా ఉంటాయి. కాయలన్నీ మొదట మధ్య గడిలోనే ఉంటాయి. అక్కడి నుంచి మీ రెక్క నడిమి వరుసలో మీ వైపు దిగాలి. చివరి ఇల్లు తాకాక కుడిచేతి వైపు తిరిగి, పక్క వరుసలో పైకెక్కి, పట్టా అంచు వెంట మొత్తం చుట్టి, మీ ఎడమచేతి వరుసలో కిందికి వచ్చి, మళ్లీ మీ చివరి ఇల్లు తాకి, దిగిన నడిమి వరుసలోనే పైకెక్కి మధ్య గడి చేరాలి. అలా చేరిన కాయ పండినట్టు. తిరిగొచ్చి పైకెక్కే కాయను పడుకోబెట్టి నడపండి. లేకపోతే దిగే కాయేదో ఎక్కే కాయేదో తెలియక గొడవలవుతాయి. మీ నడిమి వరుసలోకి మీ కాయలు తప్ప ఎవరివీ రావు, చివరి ఇల్లు ఒక్కటే అందరి దారిలో ఉంటుంది. పందెం వేసే వంతు, అంటే గవ్వలు వేసే వంతు, కూడా కుడివైపుకే తిరుగుతుంది.

ఇక గవ్వలు. ఆరు గవ్వలు రెండు చేతుల్లో కలిపి వేస్తాం. నోరు పైకి ఉంటే వెల్లకిల, వీపు పైకి ఉంటే బోర్లా. వెల్లకిల పడినవే లెక్కపెట్టాలి. రెండు పడితే రెండు, మూడుకు మూడు, నాలుగుకు నాలుగు, ఐదుకు ఐదు, ఆరుకు ఆరు. ఒక్కటే పడితే పది. ఒక్కటీ పడకుండా అన్నీ బోర్లా పడితే ఇరవై ఐదు, అదే పచ్చీసు. ఆరు, పది, ఇరవై ఐదు పడినవాళ్లకు ఇంకో పందెం ఉంటుంది. మా అత్తగారింట్లో ఏడు గవ్వలతో ఆడేవాళ్లు. వాళ్లకు ఐదు వెల్లకిల పడితే 25, ఆరు పడితే 30, ఏడూ పడితే 14, అన్నీ బోర్లా పడితే 7. మీ ఇళ్లల్లో ఇంకో లెక్క ఉండొచ్చు. ఆ రాత్రికి మాత్రం ఆరు గవ్వల లెక్కే.

మొదటి కాయను ఏ పందెం పడినా దింపొచ్చు. మిగతా మూడు కాయలు, చచ్చి వెనక్కి వచ్చిన కాయలు దిగాలంటే ఆరు గానీ పది గానీ ఇరవై ఐదు గానీ పడాల్సిందే. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే ఎనిమిది పందేల్లో ఒకసారి ఈ మూడింటిలో ఏదో ఒకటి పడుతుంది. నిజం గవ్వలు అంత సమానంగా పడవు, కానీ ఆ లెక్క గుర్తుంటే చాలు. ఒక కాయ చచ్చిందంటే అది నడిచిన దారే కాదు, మళ్లీ దిగడానికి కాచుకునే పందేలు కూడా పోయినట్టే. అందుకే పచ్చీసులో చావు లూడోలో కన్నా చాలా ఖరీదు.

చంపడం సులువు. ఇల్లు కాని గడిలో ఎదుటి జట్టు కాయ ఉండి, మీ పందెం సరిగ్గా అక్కడికి చేర్చితే ఆ కాయ మధ్య గడికి పోతుంది. ఒకే గడిలో రెండు కాయలుంటే రెండూ పోతాయి. చంపినందుకు మీకు ఇంకో పందెం. జోడీ కాయను చంపేది లేదు, దానితో కలిసి ఒకే గడిలో కూర్చోవచ్చు. ఎదుటి జట్టు కాయ ఉన్న ఇంట్లోకి దిగకూడదు, దాటి వెళ్లొచ్చు. ఒక పందేన్ని రెండు కాయలకు పంచకూడదు. పడిన పందెం నడిపాకే తరువాతది వేయాలి. పండడానికి సరిగ్గా కావలసిన అంకే పడాలి, ఎక్కువ పడితే ఆ కాయ కదలదు.

ఇంకో నియమం ఉంది, కొత్తవాళ్లు దీన్నే మరిచిపోతారు. పడిన పందెం నడిపి తీరాలని లేదు. ఇష్టం లేకపోతే వదిలేసి గవ్వలు పక్కవాళ్లకు ఇచ్చేయొచ్చు. ఇంట్లో భద్రంగా ఉన్న కాయను బయటికి తీసి చంపించుకోవడం కన్నా అది చాలాసార్లు మేలు. మా అమ్మమ్మ వరుసగా ఐదారు పందేలు వదిలేసి కూర్చునేది. మాకు టెన్షన్ తట్టుకోవడం కష్టమయ్యేది, ఆమె మాత్రం కదిలేది కాదు.

ఇప్పుడు ఇరవై ఐదు సంగతి. పట్టా ముందు పెట్టుకుని వేలితో లెక్కపెట్టి చూడండి. మధ్య గడి నుంచి మీ చివరి ఇంటికి 8 అడుగులు. అక్కడి నుంచి పక్క రెక్క చివరి ఇంటికి 17. కలిపితే 25. అంటే పచ్చీసు పడితే మధ్యలో ఉన్న కాయ ఒక్క దెబ్బకు పక్క రెక్క ఇంట్లో వాలుతుంది, దారిలో ఎక్కడా ఎవరికీ చిక్కదు. చుట్టు పూర్తయ్యేటప్పుడూ అంతే. మూడో రెక్క చివరి ఇంటి నుంచి మీ చివరి ఇంటికి 17, అక్కడి నుంచి పైకెక్కి మధ్య గడికి 8, మళ్లీ 25. ఆ ఇంట్లో కాచుకుని ఉన్న కాయకు పచ్చీసు పడితే నేరుగా పండుతుంది. మొత్తం ప్రయాణం 84 అడుగులు, దాని రెండు కొసల్లోనూ ఈ ఇరవై ఐదు కూర్చుని ఉంది. నాకు పదేళ్లప్పుడు ఇది నా అంతట నేనే లెక్కపెట్టి కనుక్కున్నాను. ఆ రోజు నుంచి ఈ ఆట మీద గౌరవం పెరిగింది.

కానీ పచ్చీసు అరుదు. గవ్వలు సమానంగా పడితే 64 పందేల్లో ఒకసారి. దాని కోసమే కూర్చుంటే తెల్లారిపోతుంది. కాబట్టి ఆ 17 అడుగులు ఎలా నడవాలో నేర్చుకోవాలి. ఒక రెక్క చివరి ఇంటి నుంచి తరువాతి ఇల్లు 4 అడుగుల్లో, ఆ తరువాతది 9, ఆపైన మళ్లీ 4. నాలుగు పందెం తరచుగా పడేదే, 64లో 15 సార్లు. అసలు కష్టం మధ్యలోని ఆ తొమ్మిది. మూల దగ్గర మలుపు అక్కడే, కాయలు ఎక్కువ చచ్చేదీ అక్కడే. నాలుగు, ఐదు కలిస్తే తొమ్మిది, కానీ ఆ రెండు పందేల మధ్య కాయ ఒక చుట్టంతా బయటే ఉంటుంది. వెనక ఎవరున్నారో చూసుకుని బయలుదేరాలి.

వెనక ఎంత దూరంలో ఉన్నారన్నదే ముఖ్యం. అన్నిటికన్నా ఎక్కువగా పడేది మూడు, 64లో 20 సార్లు. శత్రువు కాయకు మూడు గడుల ముందు ఆగడం అన్నిటికన్నా ప్రమాదం. రెండు, నాలుగు గడుల ముందు కొంచెం తక్కువ. ఐదైతే ఇంకా తక్కువ. ఒక్క గడి ముందు మాత్రం నిశ్చింతగా ఉండొచ్చు, ఎందుకంటే ఈ గవ్వలతో ఒకటి అనే పందెమే లేదు. లూడో అలవాటు ఉన్నవాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు, శత్రువు ముక్కు కిందే కూర్చున్నా చంపలేడు. పట్టా మీద ఏ కాయా లేకపోయినా ఎదుటి జట్టు రెక్కల చివరి ఇల్లు దాటిన రెండో గడిలో ఆగకండి. మధ్య గడి నుంచి పది పందెంతో దిగే కాయ సరిగ్గా అక్కడ వాలుతుంది. మీరు కాయ దింపేటప్పుడూ ఇదే గుర్తుపెట్టుకోండి. ఆరుతో దిగితే మీ నడిమి వరుసలోనే భద్రంగా ఉంటారు, పదితో దిగితే ఇల్లు దాటి రెండడుగులు బయట నిలబడతారు.

చివరగా జోడీ గురించి. మీ నాలుగు కాయలూ పండినంత మాత్రాన గెలిచినట్టు కాదు, జోడీ నాలుగూ పండాలి. మీరు ముందే పండేసి తప్పుకుంటే మీ జట్టుకు పందేలు వేసేది ఒక్కరే, అవతల ఇద్దరు. మీ జోడీ కాయలను వాళ్లిద్దరూ కలిసి వేటాడతారు. అందుకే జోడీ వెనకబడితే, పండే దశలో ఉన్న కాయను కూడా లోపలికి ఎక్కించకుండా చివరి ఇల్లు దాటించి ఇంకో చుట్టు తిప్పుతారు, దారిలో శత్రువు కాయలను చంపడానికి. నియమం ఒప్పుకుంటుంది. మా అమ్మమ్మ, తాతయ్య ఒక జట్టుగా ఆడేవాళ్లు. తాతయ్య తొందరపడి పండేస్తే ఆమె ఆ పూటంతా ఆయనతో మాట్లాడేది కాదు.

మొదటి ఆట నేను పక్కన కూర్చుని ఆడిస్తాను. రెండో ఆట నుంచి ఎవరికి వాళ్లే. ఒక్కో ఆటకు రెండు గంటలు పట్టొచ్చు. చాప, దిండు తెచ్చుకోండి. ఉపవాసం ఉన్నవాళ్లకు పాలు, పళ్లు అక్కడే ఉంటాయి.