కదిలే బొమ్మలు: ఏడో తరగతికి నాలుగు శనివారాల పాఠ్య ప్రణాళిక

తరగతి: ఏడు, బి సెక్షన్, 36 మంది
సమయం: శనివారం చివరి రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు, నాలుగు వారాలు
చోటు: మలక్‌పేట, మన బడి మొదటి అంతస్తులోని డ్రాయింగ్ గది

ఎ సెక్షన్‌తో ఇదంతా ఒకసారి నడిపాను. ఎక్కడ తడబడ్డానో అక్కడ ఎక్కువ రాశాను, సాఫీగా సాగినచోట రెండు ముక్కలతో సరిపెట్టాను. బి సెక్షన్ తీసుకునే మీరు దీన్ని మీకు వీలైనట్టు మార్చుకోవచ్చు. ఒక్క విషయం మాత్రం మార్చవద్దు. ఈ నాలుగు వారాల్లో పిల్లలు పట్టుకోవలసింది బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉండే ఎడం. ఎడం తక్కువైతే నెమ్మది, ఎక్కువైతే వేగం. బొమ్మ ఎంత అందంగా ఉందన్నది ఈ నాలుగు వారాలూ పక్కన పెడదాం.

ముందుగా సమకూర్చుకోవలసినవి

ఎ4 కాగితాలు 108. ఒక్కోదాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే 864 చీటీలు, అంటే తలకు 24. ముక్కలు మీరే కోయించి తీసుకురండి. పిల్లల చేతికిస్తే మొదటి పీరియడ్ అంతా కత్తెరల పంచాయితీతోనే సరిపోతుంది. జిరాక్స్ దుకాణంలో కటింగ్ యంత్రం ఉంటే అయిదు నిమిషాల పని. స్టేప్లరు వద్దు, మామూలు చిన్న పిన్ను 24 కాగితాల్లోంచి సరిగ్గా దిగదు. నల్లటి ఇనప క్లిప్పులు 36 కావాలి, బేగంబజార్‌లో డబ్బాల లెక్కన దొరుకుతాయి. కటౌట్ల కోసం డ్రాయింగ్ షీట్లు కొనకండి. పాత శుభలేఖలు తెమ్మని పిల్లలకు ఒక వారం ముందే చెప్పండి. పెళ్లిళ్ల కాలం దాటాక ప్రతి ఇంట్లోనూ ఒక కట్ట ఉంటుంది. అట్ట మందం సరిగ్గా సరిపోతుంది, పైగా బంగారు రంగు అంచు ఉచితం.

ఫోన్లు మూడు చాలు: మీది, నాది, సైన్సు మేడం పాతది. పిల్లలను ఇంటి నుంచి తెమ్మనవద్దు.

మొదటి శనివారం: చిలుక, పంజరం, బంతి

పదిహేను నిమిషాలు చిలుకకు. గుండ్రటి అట్టకు ఒకవైపు చిలుక, రెండోవైపు పంజరం గీయించి, ఇరుపక్కలా దారాలు కట్టి, వేళ్ల మధ్య గిరగిరా తిప్పమనండి. చిలుక పంజరంలోకి వెళ్తుంది. వెనకవైపు బొమ్మను తలకిందులుగా గీయాలన్న సంగతి మీరు చెప్పకండి. సగం మందికి చిలుక కాళ్లు పైకి పెట్టి కనిపిస్తుంది, ఎందుకో వాళ్లే కనుక్కుంటారు. "కన్ను మోసపోయిందా, మెదడు మోసపోయిందా?" అని అడిగి వదిలేయండి.

మిగతా సమయమంతా చీటీల కట్టను గబగబా తిప్పితే బొమ్మ కదిలే ఫ్లిప్‌బుక్కుదే. దీనికి 1868లోనే ఇంగ్లండులో జాన్ బార్న్స్ లినెట్ పేటెంటు తీసుకున్నాడని ఒక్క మాట చెబితే చాలు. సినిమా పుట్టకముందే కదిలే బొమ్మ జేబులోకి వచ్చిందంటే పిల్లలు ముచ్చటపడతారు.

చీటీని అడ్డంగా పెట్టి, ఎడమవైపు మూడు సెంటీమీటర్లు ఖాళీగా వదలాలి. క్లిప్పు కరిచే చోటు అది, అక్కడ గీసిన బొమ్మ ఎవరికీ కనపడదు. మొదటి బొమ్మ అట్టడుగు చీటీ మీద గీయాలి. దాని మీద రెండో చీటీ పరిస్తే కింది బొమ్మ లీలగా కనిపిస్తుంది, దాన్ని చూసి కాస్త జరిపి గీయాలి. ఇలా కింది నుంచి పైకి కట్టుకుంటూ రావాలి, తిప్పేటప్పుడు కూడా బొటనవేలితో వెనక నుంచి ముందుకే వదలాలి. ఎ సెక్షన్‌లో నేను దీన్ని ఒక్కసారే చెప్పి ఊరుకున్నాను. తొమ్మిదిమంది పై నుంచి కిందికి గీసుకొచ్చారు. వాళ్ల బంతులన్నీ నేల మీది నుంచి లేచి చేతిలోకి వెళ్లాయి. నవ్వుకున్నాం కానీ ఇరవై నిమిషాలు పోయాయి. కాబట్టి బల్ల మీద మీరే మూడు చీటీలు గీసి చూపించండి.

ఇక బంతి పడే లెక్క. ముందు ఏమీ చెప్పకుండా గీయమనండి. అందరూ సమానమైన ఎడంతో గీస్తారు. తిప్పి చూస్తే బంతి పడదు, లిఫ్టులో దిగినట్టు దిగుతుంది. ఆ మాట పిల్లల నోటి నుంచే వచ్చాక బోర్డు మీద ఇది రాయండి: 2, 6, 10, 14, 18. ఇవి మిల్లీమీటర్లు, ఒక బొమ్మ నుంచి తరవాతి బొమ్మకు బంతి జారవలసిన దూరాలు. మొత్తం 50 మిల్లీమీటర్లు, మన చీటీ ఎత్తు 74 కాబట్టి హాయిగా పడుతుంది. రెండుతో భాగిస్తే 1, 3, 5, 7, 9. ఎత్తు నుంచి వదిలిన వస్తువు సమాన కాలాల్లో ఈ బేసి సంఖ్యల నిష్పత్తిలో దూరం పోతుందని గెలీలియో చూపించిందే మనం పెన్సిలుతో చేస్తున్నాం. పెద్ద తరగతుల్లో ఇది సూత్రంగా ఎదురైనప్పుడు ఈ బంతి గుర్తుకొస్తే మంచిదే.

సైన్సు మేడం అడుగుతారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. సెకనుకు 12 బొమ్మల చొప్పున అయిదు ఎడాలంటే సుమారు 0.42 సెకను. అంత సేపట్లో నిజమైన బంతి 85 సెంటీమీటర్లు పడుతుంది, అంటే బల్ల ఎత్తు కన్నా ఓ జానెడు లోపే ఎక్కువ.

24 చీటీల పంపకం ఇలా: పడటానికి ఆరు, నేలను తాకి నొక్కుకుపోయిన బంతికి ఒకటి, 32 మిల్లీమీటర్లు లేవడానికి నాలుగు (ఎడాలు 14, 10, 6, 2), దిగడానికి నాలుగు, నొక్కుకు ఒకటి, 18 మిల్లీమీటర్లు లేవడానికి మూడు, దిగడానికి మూడు, ఆగిన బంతికి రెండు. నొక్కుకుపోయిన బంతి ఇడ్లీలా వెడల్పుగా, పొట్టిగా ఉండాలి. ఆ ఒక్క చీటీ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి తిప్పించండి. రబ్బరు బంతికీ ఇనప గుండుకీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఎ సెక్షన్‌లో "నాకు డ్రాయింగ్ రాదు సార్" అని చివరి బెంచీలో ముడుచుకుని కూర్చున్న అమ్మాయి ఒకతి ఉండేది. బంతికి బదులు పెన్సిలు మొనతో చుక్క పెట్టుకుంటూ పోయింది, వట్టి చుక్క. కానీ స్కేలు పెట్టి ప్రతి ఎడం కొలిచింది. పక్కన నీడలు దిద్ది, రంగులు వేసిన బంతులు గాల్లో వణుకుతుంటే ఆ చుక్క టప్పున పడి లేచింది. తరగతి మొత్తం చుట్టూ మూగింది. మీ తరగతిలోనూ ఇలాంటివాళ్లు ఉంటారు, వాళ్ల పుస్తకం ముందుగా చూపించండి.

రెండో శనివారం: శుభలేఖల బొమ్మలు

ఆరుగురికి ఒక జట్టు, ఆరు జట్లు. ముందు తోలుబొమ్మలాట గురించి అయిదు నిమిషాలు మాట్లాడండి. భుజం, మోచేయి, మోకాలు విడివిడిగా కోసి దారంతో ముడివేసి ఆడించడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. జర్మనీలో లోటె రైనిగర్ నల్ల కాగితం కత్తిరించి చేసిన నీడబొమ్మలతో 1926లో నిండు నిడివి చిత్రమే తీశారని కూడా చెప్పండి.

ప్రతి జట్టుకూ పది సెకన్ల కథ, ఒకే వాక్యంలో చెప్పగలిగేది. ఎ సెక్షన్‌వి కొన్ని: ఆటోలోకి మేక ఎక్కుతుంది, ఆటో ఒక పక్కకు ఒరుగుతుంది. చార్మినార్ మీద వాలిన గాలిపటాన్ని పావురం ఎత్తుకుపోతుంది. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు తల మీద వాలిన కాకి కోసం గొడుగు పడతాడు. ఒక జట్టు యుద్ధం కావాలంది, ఇరవైమంది సైనికులతో. ఇరవై బొమ్మలను ఎనభైసార్లు జరపాలంటే ఎన్ని జరుపుళ్లని అడిగాను. 1600 అని లెక్క తేలాక సంధి కుదిరింది.

ఒక్కో కథకు రెండు బొమ్మలకు మించవద్దు. కీళ్లకు గుండుసూదితో రంధ్రం చేసి, దారం దూర్చి రెండు వైపులా ముడి వేయాలి. ముడి మరీ వదులైతే చెయ్యి వేలాడిపోతుంది, మరీ బిగువైతే అట్ట వంగుతుంది. ఆటో చక్రాలకు ఒక పుల్ల గీత తప్పనిసరి, లేకపోతే చక్రం తిరుగుతోందో లేదో కనపడదు. ముఖాలకు మాత్రం నోరు విడిగా కోయండి: మూసిన నోరు, తెరిచిన నోరు, ఈ రెండూ చాలు.

మూడో శనివారం: ఫోను

మూడు ఫోన్లకు మూడు జట్లు. మొదటి నలభై నిమిషాలు ఒక సగం చిత్రీకరిస్తే, రెండో సగం వరండాలో శబ్దాలు సాధన చేస్తుంది. తరవాత మార్పిడి.

రెండు బల్లలను కాస్త ఎడంగా జరిపి, వాటిమీద అట్ట వంతెన వేసి, అట్టకు కన్నం పెట్టి ఫోనును తెర పైకి ఉండేలా పడుకోబెట్టండి. కెమెరా కన్నంలోంచి కిందికి చూస్తుంది. కింద స్టూలు మీద చార్టు కాగితం, నాలుగు మూలలా టేపు. చార్టు జరిగితే ఊరంతా భూకంపం.

ఫోన్లలో Stop Motion Studio అనే యాప్ ముందురోజే ఇంట్లో దించుకోండి, బడి నెట్టును నమ్ముకోవద్దు. సెకనుకు 8 బొమ్మలు పెట్టండి. పది సెకన్లకు 80 ఫోటోలు, నలభై నిమిషాల్లో ఫోటోకు అరనిమిషం. సినిమాకు సెకనుకు 24 అయినా మన చేతులకు 8 చాలు. విమానం గుర్తు నొక్కి కాల్స్ ఆపేయండి. ఎ సెక్షన్‌లో సరిగ్గా 61వ ఫోటో దగ్గర నాకు ఏదో లోను కాల్ వచ్చింది, ఉలిక్కిపడి ఫోను కదిల్చింది కూడా నేనే. ఫోకస్, వెలుతురు స్థిరంగా ఉండేలా తాళం వేయాలి. లేదంటే ప్రతి ఫోటోకూ వెలుగు మారి బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. కిటికీ తలుపులు మూసి ట్యూబులైటు వెలిగించండి, మబ్బు కమ్మినా ఇబ్బంది ఉండదు. ఫ్యాను కట్టేయాలి. ఉక్కపోతకు పిల్లలు గొణుగుతారు, కానీ ఫ్యాను గాలికి మేక ఆటోలోంచి ఎగిరిపోయాక వాళ్లే స్విచ్చి దగ్గర కాపలా పెట్టారు.

జట్టులో ఇద్దరు బొమ్మలు జరుపుతారు, ఒకరు "చేతులు తీయండి" అని అరుస్తారు, ఒకరు బటన్ నొక్కుతారు, ఒకరు ఫోటోలు లెక్కపెడతారు, ఒకరు కాగితం మీద కథ చూసి "ఇక ఆగు" అంటారు. ఇరవై ఫోటోలకోసారి పనులు మార్చండి. అరిచే పనికి అందరూ పోటీ పడతారు.

బొమ్మ కదలడం మొదలుపెట్టేటప్పుడూ ఆగేటప్పుడూ ఎడం తగ్గించాలని ఇక్కడ గుర్తుచేయండి. ఆటో మొదట రెండు మిల్లీమీటర్లు, తరవాత అయిదు, తరవాత పది. బ్రేకు వేసేటప్పుడు మళ్లీ అయిదు, రెండు. బంతి దగ్గర అర్థం కానివాళ్లకు ఇక్కడ అర్థమవుతుంది.

నాలుగో శనివారం: చూపడం, మార్కులు

శబ్దాలు పిల్లల నోటితోనే, వీడియో నడుస్తుండగా. రికార్డింగు జోలికి వెళ్లకండి. ప్రధానోపాధ్యాయురాలి గదిలో ఉన్న టీవీకి కలిపి చూపించండి, అయిదో తరగతి పిల్లలను పిలవండి. మనకంటే వాళ్లే నిక్కచ్చి విమర్శకులు.

మార్కులు పదికి. ఎడం ఆలోచించి మార్చారా అన్నదానికి అయిదు, జట్టులో తన వంతు చేశారా అన్నదానికి మూడు, తప్పయిన చోటును తానే చూపించగలిగితే రెండు. బొమ్మ అందానికి సున్నా, ఈ సంగతి మొదటి రోజే బోర్డు మీద రాసిపెట్టండి. డ్రాయింగులో ఎప్పుడూ ముందుండే ఇద్దరు ముగ్గురు అలుగుతారు, వాళ్లకు నేపథ్య చిత్రం బాధ్యత ఇవ్వండి.

ఫోటోల్లో పిల్లల ముఖాలేవైనా పడి ఉంటే ఆ రోజే ఫోన్ల నుంచి తీసేయండి. ఫ్లిప్‌బుక్కులు ఇంటికి తీసుకెళ్లనివ్వండి, వీపున దారంతో కుట్టి. క్లిప్పులు మాత్రం 36 లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, సి సెక్షన్‌కు కావాలి.