సగం రాత్రి నీళ్ళు

మా తాతయ్య పని ముగిశాక పారను కడగకుండా ఇంటికి తెచ్చేవాడు కాదు. ఆయన పోయాక ఆ అలవాటు మా ఇంట్లో సామెతలా మిగిలిపోయింది. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి అరుగు మీద విసిరేస్తే నాన్నమ్మ "పార కడగకుండా పడేశావేమిరా" అనేది. అన్నం తిని కంచం అలాగే వదిలేసి లేచినా అదే మాట. తాతయ్య పోయేనాటికి నాకు అయిదేళ్ళు. ఆయన ముఖం నాకు గోడ మీది ఫోటోలోనే గుర్తు. చుట్ట వాసన మాత్రం ఫోటో అవసరం లేకుండానే గుర్తుంది.

మాది అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక శివారు ఊరు. మా రెండెకరాలు చాలా ఏళ్ళు కౌలుకే ఉన్నాయి. కిందటి సార్వా తరువాత కౌలు చేసే ఆయన ఇక తనవల్ల కాదని చేను అప్పగించేశాడు. పట్నంలో ఎలక్ట్రికల్ దుకాణంలో పని చేసుకునే నాకు ఏ పురుగు కుట్టిందో, దాళ్వా నేనే వేస్తానన్నాను. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అటక మీది సామాను తనే దింపింది. అందులో తాతయ్య పార దొరికింది. ఇనుము అరిగి పలచబడినా కంగుమని మోగింది. కామ మాత్రం పుచ్చిపోయింది. వడ్రంగి దగ్గర కొత్త కామ వేయించాను. జరిగిందంతా అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తోంది.

శివారు భూములంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. సీలేరు నుంచి నీళ్ళు వదిలారని పేపర్లో రాస్తారు, మేమూ సంతోషిస్తాం. ఆ నీళ్ళు ధవళేశ్వరం దగ్గర కాలువలోకి మళ్ళి, పిల్లకాలువలు పట్టి, బోదెలు తిరిగి, పై ఊళ్ళవాళ్ళందరి మర్యాదలూ అందుకుని మా దగ్గరికి వచ్చేసరికి కప్ప మునిగేంత లోతు కూడా ఉండదు. అందుకే దాళ్వాలో నీళ్ళకు వంతులు. మా బోదె కింద మా చేనికి వారానికి ఒక రాత్రి, పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే వరకు. ఆ రాత్రి నిద్రపోయినవాడు రైతు కాదని మా వైపు అంటారు. నేను రైతును కాదు కాబట్టి నిద్రపోయాను.

శివరాత్రి వెళ్ళిన వారం అది. చేను పొట్ట మీద ఉంది. చీకటి పడగానే బోదె నుంచి మా చేనికి మడవ తెంపి, నీళ్ళు సాగడం చూసి, గట్టు మీద కొబ్బరి చెట్టు కింద గోనెసంచి పరుచుకుని నడుం వాల్చాను. మెలకువ వచ్చి ఫోను చూసుకుంటే రెండు దాటింది. చేలో నీటి చప్పుడు లేదు. టార్చి వేసి చూస్తే మా మడవ కట్టేసి ఉంది. దాని పక్కనే, కింది చేనులోకి కొత్తగా తెంపిన మడవ. నీళ్ళన్నీ బుడబుడమంటూ అటు పోతున్నాయి.

మొదట ఎండ్రకాయ బొరియ అనుకున్నాను. ఎండ్రకాయ గట్టుకు కన్నం పెడుతుందిగానీ పక్క మడవను ఇంత గడ్డి మడిచి కుక్కి, పైన బురద ముద్ద వేసి, అరచేత్తో మెత్తి మూయదు. ఆ మెత్తిన చోట వేళ్ళ గుర్తులు చక్కగా ఉన్నాయి. తిట్టుకుంటూ అది విప్పాను, ఇది కట్టాను. నా పార నేను పెట్టిన చోట లేదు, గట్టు మీద గుచ్చి ఉంది. దాని నిండా తడి మట్టి.

కింది చేను పక్కింటి మామ్మది. ఎనభై దాటిన మనిషి. మనుమలు ఊళ్ళో లేరు. వరి మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు అందులో మూడేళ్ళ కొబ్బరి మొక్కలున్నాయి. అర్ధరాత్రి పూట పార పట్టి నీళ్ళు మళ్ళించే మనిషి కాదు. ఎవరినైనా పెట్టి చేయించిందా అని అనుమానించాను. నీళ్ళ దగ్గర అన్నదమ్ములే తలలు పగలగొట్టుకున్న నేల ఇది, అనుమానం రావడం తప్పు కాదు. అయినా అడగడానికి నోరు రాలేదు.

రెండో వారం నిద్రపోలేదు. ఫ్లాస్కు నిండా టీ తెచ్చుకుని, కొబ్బరి చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాను. వెన్నెల పలచగా ఉంది. పన్నెండు దాటిందో లేదో చుట్ట వాసన వచ్చింది. నా గుండె ఒకసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది. ఆశ్చర్యం ఏమిటంటే అది భయంవల్ల కాదు. ఎవరో చాలా కాలానికి ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

మడవ దగ్గర ఒక ముసలాయన వంగి ఉన్నాడు. మోకాళ్ళ పైకి ఎగగట్టిన పంచె, తలకు తువ్వాలు. చేతిలో నా పార. కాదు, ఆయన పారే. ఒక్కో వేటుకు ఒక్కో గడ్డ లేస్తోంది. ఎక్కడా తొందర లేదు. కింది చేనులోకి మడవ తెంపి, నీళ్ళు పారడం చూసి, గట్టు మీద కూర్చుని కాళ్ళు రెండూ బోదెలో పెట్టుకున్నాడు. నీళ్ళు ఆ కాళ్ళకు అడ్డుపడి చీలలేదు. అలాగే సాగిపోయాయి.

నేను లేచి రెండడుగులు వేశాను.

"కట్టెయ్యకురా. వంతు ఇంకా అవలేదు" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను కట్టేశాను. దయ్యమని జడిసి కాదు, పొట్ట మీదున్న చేను గుర్తొచ్చి. పై మడి నేల అప్పటికే నెర్రెలిస్తోంది. నేను బురద ముద్ద వేస్తుంటే ఆయన అడ్డు రాలేదు. నిట్టూర్చినట్టు వినిపించింది. తలెత్తి చూసేసరికి గట్టు మీద పార ఒక్కటే ఉంది, మట్టితో.

తెల్లవారాక తిన్నగా మామ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో కొబ్బరాకుల ఈనెలు చీరుతోంది. జరిగింది చెబుతుంటే చేతిలో కత్తి ఆగలేదు. చుట్ట మాట వచ్చినప్పుడు ఆగింది.

"తువ్వాలు తలకు కట్టారా, భుజం మీద వేశారా?" అని అడిగింది.

"తలకే."

"అయితే పని మీదే వచ్చారు" అని, కాసేపు ఈనె వైపు చూస్తూ కూర్చుంది.

తరువాత చెప్పింది. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. కోతకొచ్చిన సార్వా నీళ్ళపాలైంది. ఆ దాళ్వా మీదే అందరి ఆశా. మామ్మకు భర్త పోయి అప్పటికి నాలుగేళ్ళు, తనే చేయించుకుంటోంది. మా చేను పొట్ట మీదుండగా మా వంతు రాత్రి పైన ఎక్కడో గండి పడి నీళ్ళు రాలేదు. మర్నాడు ఆవిడ వంతు. తాతయ్య వెళ్ళి అడిగాడట, "అమ్మా, సగం రాత్రి నాకు వదిలితే వచ్చే వంతులో సగం రాత్రి నీకు తీరుస్తాను" అని. ఆవిడ వదిలింది. మా చేను నిలబడింది. వచ్చే వంతు ఇంకా రెండు రోజులుందనగా తాతయ్య భోజనం చేసి అరుగు మీద పడుకుని మరి లేవలేదు.

"ఎవరికీ చెప్పలేదే మామ్మా?"

"ఏమని చెప్పను బాబూ? దినం భోజనానికి వచ్చి, మీ ఆయన నాకు సగం రాత్రి నీళ్ళు బాకీ అని మీ నాన్నమ్మతో అననా? ఆ ఏడు నాకు నాలుగు బస్తాలు తగ్గాయి. అంతే కదా." మళ్ళీ కత్తి అందుకుంది. "ఈ వంతుకు నేనూ వస్తాను. వదిలేశానని చెబుతాను. పాపం, ఆ వయసులో ఆ రాత్రి పని ఎందుకు ఆయనకు?"

ఏ వయసులో అని నేను అడగలేదు.

మూడో వారం మామ్మ ముక్కాలిపీట, దుప్పటి తెప్పించుకుని గట్టు మీద కూర్చుంది. నేను చెట్టు దగ్గరే ఉన్నాను. ఆ రాత్రి కూడా వాసన ముందు వచ్చింది, మనిషి తరువాత. ఆవిడ చెంగు సర్దుకుని గట్టిగా, దూరంగా ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు అంది.

"అన్నయ్యగారూ, ఆ బాకీ నేను ఎప్పుడో వదిలేశాను. మీరు వెళ్ళండి."

పార ఒక్క క్షణం గాలిలో నిలిచింది. మళ్ళీ పడింది. గడ్డ లేచింది.

"మీ తాతగారు ఎప్పుడు ఎవరి మాట విన్నారు కనుక" అంది మామ్మ నాతో, కొంచెం కోపంగా. కాసేపు ఆగి, "నువ్వు కట్టకు" అంది.

కట్టలేదు. ఆయన బోదెలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఈవిడ పీట మీద కూర్చుంది. మధ్యలో పది గజాల గట్టు. నీళ్ళు కొబ్బరి మొక్కల మధ్య చాళ్ళలోకి జారుతున్నాయి. ఎండిన నేల తాగేటప్పుడు ఒక చప్పుడు చేస్తుంది, చిన్నపిల్లాడు గ్లాసులోంచి పాలు తాగుతున్నట్టు. ఒక చాలు నిండి పక్క చాలులోకి పొర్లినప్పుడల్లా ఆయన లేచి వెళ్ళి చూసి వచ్చేవాడు. ఒక చోట నీరు ఆగితే పార అంచుతో చిన్నగా గీత గీశాడు, అది కదిలింది. మామ్మ కునికిపాట్లు పడుతూ, మధ్యలో ఉలిక్కిపడి లేచి, "ఆ మూల మొక్కకు అందిందా?" అని అడిగింది. ఎవరిని అడిగిందో నాకు తెలియలేదు. నేను నోరు తెరిచేలోపే ఆయన ఆ మూలకు నడిచాడు.

మా చేను సంగతి నాకు గుర్తు రాలేదంటే అబద్ధం. రాత్రంతా గుర్తొస్తూనే ఉంది. ఆ ఏడు పై మడిలో తాలు ఎక్కువై మూడు బస్తాలు తగ్గాయి. మా ఆవిడకు ఎండ్రకాయలని చెప్పాను.

ఎక్కడో కోడి కూసింది. ఆయన లేచి, కింది చేను మడవను గడ్డితో, బురదతో మూసి, అరచేత్తో మూడుసార్లు మెత్తాడు. మామ్మ అప్పటికి దుప్పట్లో ముడుచుకుని నిద్రపోయింది. ఆయన ఆవిడ వైపు చూశాడు. నా వైపు చూడలేదు. నేను మొహం కడుక్కుందామని బోదె దగ్గర వంగి, తలెత్తేసరికి గట్టు ఖాళీగా ఉంది.

మామ్మను ఇంటి దగ్గర దింపి మా ఇంటికి వచ్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"చేలోంచి ఎప్పుడు వచ్చారు? పార ఇక్కడ పెట్టి మళ్ళీ ఎటు వెళ్ళారు?" అని అడిగింది.

అరుగు పక్కన గోడకు పార ఆనించి ఉంది. కొత్త కామ నుంచి నీటి చుక్కలు ఇంకా జారుతున్నాయి. ఇనుము మీద ఎక్కడా మట్టి లేదు.