కిటికీ పక్క టేబుల్, ఒక్కదాన్నే

మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర, రాజ్‌విహార్ దగ్గర మేడ మీదుండే చిన్న కేఫ్. బ్యాంకు పనుందని హాఫ్ డే లీవ్ పెట్టినా, ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు కానీ పోబుద్ధి కాలా.

"ఎంతమంది అక్కా?" అన్నాడు పిల్లోడు. ఒక్కదాన్నే అన్నా. పాపం ఎదురు కుర్చీ తీసేయబోయాడు, ఉండనీలేప్పా బ్యాగ్ పెట్టుకుంటా అన్నా.

ఫోటోలో కనిపించేది కోల్డ్ కాఫీ, మన కర్నూలు ఎండకి మూడున్నరకి వేడి కాఫీ తాగే ధైర్యం లేదు. ఈ ఒక్క ఫోటో తీసి ఫోన్ బ్యాగులో వేసేసినా. పుస్తకం తెచ్చుకోలేదు, ఇయర్‌ఫోన్స్ లేవు. కింద రోడ్డు మీద చెరుకు రసం బండి ఉంది, చక్రం తిప్పినప్పుడల్లా దానికి కట్టిన గజ్జెలు మోగుతాయి కదా, ఆ చప్పుడు ఆటోల హారన్ల మధ్యలోంచి ఆగి ఆగి పైకి వస్తాంది, గిరాకీ లేనప్పుడు ఆగిపోతే మళ్లీ ఎప్పుడు మోగుతుందా అని చూస్తా కూర్చున్నా, అట్ల ఎంతసేపు చూసినానో నాకే తెల్దు.

మా నాయన గుర్తొచ్చినాడు. కొండారెడ్డి బురుజు దగ్గర ఒక టీ హోటల్ ఉండేది, రోజూ సాయంత్రం పోయి బయట బెంచీ మీద ఒక్కడే గంట కూర్చునేవాడు. ఎవరితో మాట్లాడేవాడు కాదు, పేపర్ కూడా చదివేవాడు కాదు. అమ్మ నన్ను పంపిచ్చేది, "నాయనా, అమ్మ పిలుస్తాంది" అంటే "వస్తా పోమ్మా" అనేవాడు, కదిలేవాడు కాదు. ఎందుకట్ల కూర్చుంటాడని ఇంట్లో ఎవరూ అడగలా, మగోళ్లు టీకి పోతే అంతే కదా అనుకునేవాళ్లం. అమ్మ మాత్రం అట్ల ఒక్కతే ఎక్కడైనా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలా. ఈసారి అమ్మని ఇక్కడికి తీసుకొచ్చి, కాఫీ చెప్పి, నేను వేరే టేబుల్లో కూర్చోవాలి అనిపిచ్చింది, నిజంగానే.

మధ్యలో చెల్లెలు ఫోన్ చేసింది.
"యాడున్నావే?"
"కాఫీ తాగుతాండా."
"ఎవరితో?"
"ఎవరూ లేరు."
"ఏమైందే? ఇంట్లో ఏమన్నా గొడవా?"
"ఏం కాలేదే, బాగున్నా, ఊరికే."
కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "సరే తాగు" అని పెట్టేసింది. అది అట్ల పెట్టేయడం నాకు శానా నచ్చింది.

మొదట్లో పక్క టేబుల్ వాళ్లు చూస్తాన్నారేమో అని కొంచెం అనిపిచ్చింది. చూస్తే వాళ్ల పకోడీల గోలలో వాళ్లున్నారు.

ఐదు కావస్తాంది. ఎండ టేబుల్ సగం దాకా వచ్చింది. గ్లాసులో ఐస్ అంతా కరిగిపోయి అడుగున నీళ్ల కాఫీ రెండు గుక్కలు మిగిలింది, అది కూడా తాగే లేస్తా.

#కర్నూలు #కోల్డ్‌కాఫీ #ఒక్కదాన్నే