నిమ్స్ 2009 తీర్పు: డాక్టర్ తప్పు ఎక్కడ తేలింది, కోటి రూపాయల లెక్క ఎక్కడిది

మన బ్రాంచ్ డాక్టర్లందరికీ నమస్కారం. పోయిన మీటింగ్‌లో ఈ కేసు మాట వచ్చినప్పుడు సగం మంది "ఆ కోటి రూపాయల కేసే కదా" అన్నారు, అంతకుమించి అందులో ఏముందో ఎవరికీ గుర్తు లేదు. అందుకే తీర్పు మొత్తం మళ్ళీ కూర్చుని చదివి రాస్తున్నా. సర్జరీ చేస్తూనే తర్వాత ఎల్ఎల్‌బి కూడా చదివినవాణ్ణి కాబట్టి రెండు వైపుల నుంచీ చూసే ప్రయత్నం చేశాను. సైటేషన్ (2009) 6 SCC 1, తీర్పు తేదీ 2009 మే 14, సుప్రీం కోర్టులో ముగ్గురు జడ్జిల బెంచ్. పేషెంట్ పేరు ఇక్కడ రాయట్లేదు, మనకి దాంతో పని లేదు.

ముందు కథ. 1990లో హైదరాబాద్‌లో 20 ఏళ్ళ ఇంజనీరింగ్ కుర్రాడు జ్వరం అని వస్తే ఎక్స్‌రేలో ఎడమ వైపు ఛాతీలో గడ్డ కనిపించింది, పక్కటెముకలు కూడా అరిగినట్టు ఉన్నాయి. సూదితో తీసిన శాంపిల్‌లో ఏమీ తేలలేదు, ఎక్సిషన్ బయాప్సీ చేద్దామన్నారు, అక్టోబర్‌లో నిమ్స్‌లో అడ్మిట్ చేసి కార్డియోథొరాసిక్ సర్జన్ ఛాతీ తెరిచి గడ్డ మొత్తం తీసేశారు. పేషెంట్ లేచేసరికి నడుం కింద ఏమీ కదలట్లేదు. పారాప్లీజియా, శాశ్వతంగా. నేషనల్ కమిషన్ 1999లో 15.5 లక్షలు ఇమ్మంది, అది ఎక్కువని హాస్పిటల్, తక్కువని పేషెంట్, ఇద్దరూ సుప్రీం కోర్టుకెళ్ళారు. పేషెంట్ వీల్‌చైర్‌లో వచ్చి తన కేసు తానే వాదించుకున్నాడు.

ఇక అసలు విషయం. తీర్పులో రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయి, మనం వాటిని కలిపేస్తున్నాం కాబట్టే భయపడుతున్నాం. మొదటిది డాక్టర్ జాగ్రత్త తీసుకున్నాడా లేదా, రెండోది తీసుకోలేదని తేలితే పేషెంట్‌కి ఎంత ఇవ్వాలి. మొదటిదానికి జవాబు వెతికేటప్పుడు కోర్టు డబ్బు వైపు చూడలేదు, రెండోదానికి వచ్చేసరికి తప్పు ఎంత పెద్దదా అని కొలవలేదు, పేషెంట్ జీవితం ఎంత దెబ్బతిందో చూసింది.

మొదటి ప్రశ్నలో కోర్టు పట్టుకున్నది కత్తి పట్టిన చెయ్యి వణికిందా అన్నది కాదు, ఇది మన సర్జన్లు ముఖ్యంగా గమనించాలి. ఒకటి, న్యూరోసర్జన్ సంగతి. గడ్డ ఉన్న చోటు, ఎముకలు అరిగిన తీరు చూస్తే నరాలకి సంబంధించినదేమో అని అనుమానం రావాల్సింది, వెన్నుపాముకి దగ్గర్లో పని కాబట్టి ముందు నుంచే న్యూరోసర్జన్‌ని కలుపుకోవాల్సింది, ఇక్కడ అది జరగలేదు. మనం రోజూ ఎన్ని కేసుల్లో "అవసరమైతే పిలుద్దాంలే" అనుకుంటాం, ఆ "అవసరమైతే" అన్నమాటే ఇక్కడ తిరగబడింది.

రెండోది కన్సెంట్, నాకైతే ఇదే గుండెలో గుచ్చుకుంది. సంతకం ఎక్సిషన్ బయాప్సీకి, చేసింది గడ్డ మొత్తం తీయడం. ఇలాంటి పరిస్థితిలో దానికీ ఒప్పుకున్నట్టే అనుకోవాలి అని హాస్పిటల్ వాదించింది, కోర్టు కుదరదంది. ఏడాది ముందు 2008లో ఇంకో కేసులో సుప్రీం కోర్టే చెప్పింది, పరీక్ష కోసం ఇచ్చిన అనుమతి చికిత్సకి అనుమతి కాదు, ప్రాణం మీదకొచ్చిన ఎమర్జెన్సీ అయితే తప్ప దాన్ని సాగదీయకూడదు అని. ఇక్కడ ఎమర్జెన్సీ లేదు, మూసేసి, బయటికొచ్చి, పేషెంట్‌తో, ఇంట్లోవాళ్ళతో మాట్లాడి మళ్ళీ వెళ్ళొచ్చు. మనం అది మళ్ళీ ఇంకో ఎనస్తీషియా, ఇంకో ఖర్చు, పాపం అనుకుని అప్పుడే అయిపోగొడతాం, మంచి ఉద్దేశమే, కానీ ఆ నిర్ణయం మనది కాదు, వాళ్ళది.

మూడోది రుజువు బాధ్యత. పేషెంట్ తన వైపు నుంచి నిర్లక్ష్యం ఉందని ప్రాథమికంగా చూపించగలిగితే ఆ తర్వాత జాగ్రత్త తీసుకున్నాం అని చూపించాల్సింది హాస్పిటలే, డాక్టర్లే. అంటే కేస్ షీట్‌లో రాయనిది కోర్టులో మనకి సాయం చేయదు. దీని అర్థం బోలమ్ టెస్ట్ పోయిందని కాదండీ, 2005 జాకబ్ మాథ్యూ తీర్పు అలాగే ఉంది, సాటి డాక్టర్లు సమర్థించగల పద్ధతి పాటిస్తే మనం సేఫే. ఫలితం చెడిందని మాత్రమే తప్పు అనరు, ఇక్కడా అలా అనలేదు.

ఇక్కడితో తప్పు సంగతి అయిపోయింది. డబ్బు సంగతికి ఇంకో పేజీ తిప్పినట్టు అనుకోండి.

పేషెంట్ అడిగింది ఏడు కోట్లకు పైగా, హాస్పిటల్ ఏమీ ఇవ్వక్కర్లేదంది, కోర్టు రెండూ కుదరవంది. జాలి లెక్కని పాడుచేయకూడదు, అలాగని కేసు రుజువయ్యాక తగినంత ఇవ్వడానికి వెనకాడకూడదు అని దాని వైఖరి. యాక్సిడెంట్ కేసుల్లో వాడే మల్టిప్లయర్ పద్ధతి ఇక్కడ పనికిరాదని చెప్పింది, ఎందుకంటే అప్పటిదాకా అయిన ఖర్చూ, ముందు అవ్వబోయే ఖర్చూ, ఉద్యోగంలో ఎదగాల్సినవాడు ఆగిపోవడమూ ఆ పద్ధతిలో ఇమడవు. అప్పటికి ఆ అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, అయినా "సంపాదిస్తున్నాడుగా" అన్న వాదన నిలబడలేదు.

లెక్క ఎలా వేశారో చూడండి. డ్రైవర్ కమ్ అటెండెంట్‌కి నెలకి 2,000, నర్సింగ్‌కి 4,000, ఫిజియోథెరపీకి 3,000, ఒక్కొక్కటీ 30 ఏళ్ళకి, అంటే 7.2 లక్షలు, 14.4 లక్షలు, 10.8 లక్షలు. వీటి మీద వైద్య ఖర్చులు, తగ్గిన ఆదాయం, నొప్పీ బాధా విడిగా. మొత్తం కోటి, 1999 మార్చి 1 నుంచి ఏడాదికి 6 శాతం వడ్డీ. తీర్పు రోజుకే వడ్డీ 60 లక్షలు దాటుతుంది, కేసు పదేళ్ళు సాగితే అయ్యేది ఇదే. చనిపోయినవాళ్ళ కుటుంబం కాలం గడిచేకొద్దీ మెల్లగా సర్దుకుంటుంది, మంచాన పడ్డ మనిషి ఇంట్లో ఆ కష్టం రోజూ కొత్తగానే ఉంటుంది అని కోర్టు రాసిన భాగం మాత్రం మీరు ఒక్కసారి స్వయంగా చదవండి.

అంటే అదే తప్పు ఇంకో పేషెంట్ మీద జరిగి ఉంటే మొత్తం వేరుగా ఉండేది, తప్పు మాత్రం అంతే. కోల్‌కతా ఆమ్రీ కేసులో ఈ విడదీత ఇంకా బాగా కనిపిస్తుంది, తప్పు తేలింది 2009లో, మొత్తం తేలింది 2013లో, దాదాపు ఆరు కోట్లు, వడ్డీ వేరే.

ఇన్సూరెన్స్ పాలసీ లిమిట్ ఎంత తీసుకోవాలో ఆలోచించడానికి డబ్బు భాగం పనికొస్తుంది, రేపు పొద్దున ఓటీలో ఏం చేయాలో మాత్రం మొదటి భాగంలోనే ఉంది. వచ్చే ఆదివారం మీటింగ్‌కి మీ మీ హాస్పిటల్స్‌లో వాడే బయాప్సీ కన్సెంట్ ఫారం కాపీ ఒకటి తీసుకురండి, "అవసరమైన ఇతర ప్రక్రియలు" అన్న లైన్ ఎన్ని ఫారాల్లో ఉందో కూర్చుని చూద్దాం, ఆ లైన్ స్థానంలో ఏం రాయాలో అక్కడే రాసుకుందాం.